ఓపెన్ ఆఫర్‌లో షేర్లు ఇవ్వలేదు, ఇప్పుడు సెక్షన్ 236 నోటీసు వచ్చింది: సంతకం చేయకపోతే ఏమవుతుంది?

మల్లెపందిరి
మా నాన్నగారు 90లలో పబ్లిక్ ఇష్యూలో కొన్న షేర్లు ఇవి. ఒక విదేశీ సంస్థకు ఇక్కడున్న అనుబంధ కంపెనీవి, మొత్తం 300. నాన్నగారి తర్వాత నా డీమ్యాట్‌లోకి వచ్చాయి. పేరు రాయడం లేదు, రాసినా ఇప్పుడు ఉపయోగం లేదు, ఎక్స్చేంజిలో ఆ కంపెనీ లేదు.

జరిగింది ఇది. ఇంకో విదేశీ సంస్థ దాన్ని కొనేసి, మిగతా వాటాదారుల షేర్లు 610 రూపాయలకు కొంటామని ఓపెన్ ఆఫర్ పెట్టింది. నేను ఇవ్వలేదు. తర్వాత కంపెనీని ఎక్స్చేంజి నుంచి తీసేయడానికి డీలిస్టింగ్ పెట్టారు, ధర 845 దగ్గర తేలింది. అప్పుడూ ఇవ్వలేదు, ఎందుకంటే ఏటా డివిడెండ్ బాగా ఇస్తున్నారు, అమ్మాలన్న తొందర నాకు లేదు. డీలిస్టయ్యాక ఏడాది పాటు అదే ధరకు కొంటామన్నారు, ఆ గడువు జనవరిలో అయిపోయింది.

ఇప్పుడు మే నెలలో ఉత్తరం. తమ దగ్గర 93 శాతం ఉందట, కంపెనీల చట్టం సెక్షన్ 236 కింద మిగిలినవన్నీ షేరు 718కి కొంటారట. 845 నుంచి 718కి ఎలా దిగింది? నేను సంతకం చేయకుండా ఊరుకుంటే వాళ్లు ఏమి చేయగలరు?

కందిపొడి
ఏమీ చేయలేరు. ఆస్తి మీది. రాజ్యాంగంలో 300ఎ అధికరణ ఉంది, చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోకూడదు. సంతకం పెట్టకండి, వాళ్లే దారికి వస్తారు.

ముక్కుసూటి
కందిపొడి గారూ, మీరు రాసిన వాక్యంలోనే "చట్టప్రకారం తప్ప" అని ఉంది. కంపెనీల చట్టం చట్టం కాదా?

మిరపతోట
నాకూ ఇలాగే ఉత్తరం వచ్చింది. బైబ్యాక్ కదా? ప్రపోర్షన్ ప్రకారం కొన్నే తీసుకుంటారు, మిగిలినవి మన దగ్గరే ఉంటాయి. కంగారు పడకండి.

మల్లెపందిరి
బైబ్యాక్ కాదండీ. కంపెనీ కొనడం లేదు, 93 శాతం ఉన్న పెద్ద వాటాదారు కొంటున్నాడు. కొన్ని కాదు, అన్నీ.

పాత_ఫైళ్లు
చాలా ఏళ్లు కంపెనీ సెక్రటరీగా పనిచేశాను, ఇలాంటి ఉత్తరాలు పంపిన వైపు కూర్చున్నవాణ్ణి. కాబట్టి అటువైపు ఏమి ఆలోచిస్తారో చెప్పగలను.

ముందు సంతకం సంగతి. మీరు ఊరుకుంటే షేర్లు మిగలవు. పెద్ద వాటాదారు మీ అందరి షేర్లకు సరిపడా డబ్బు ఒక ప్రత్యేక బ్యాంకు ఖాతాలో వేస్తాడు. ఆ ఖాతాను నడిపేది కంపెనీ. 60 రోజుల్లో మీకు చెల్లించాలి, అందుకోని వాళ్ల కోసం కనీసం ఏడాది ఆ ఖాతా తెరిచి ఉంచాలి. కంపెనీయే బదిలీ ఏజెంటుగా ఉండి షేర్లను అటు మారుస్తుంది. కాగితం సర్టిఫికెట్టు ఉన్నవాళ్లు దాన్ని చెప్పిన గడువులో తెచ్చి ఇవ్వకపోతే అది రద్దయినట్టే లెక్క, దాని స్థానంలో కొత్త షేర్లు జారీ చేసి బదిలీ పూర్తి చేస్తారు. డీమ్యాట్ అయితే డిపాజిటరీ ద్వారా జరుగుతుంది. మీ చేతి సంతకం కోసం ఎవరూ ఎదురుచూడరు.

కాబట్టి మీరు పట్టించుకోవలసింది సంతకాన్ని కాదు, 718 ఎలా వచ్చిందన్నదాన్ని. నోటీసుతో పాటు వాల్యుయేషన్ రిపోర్టు ఇచ్చారా?

మల్లెపందిరి
ఒక పేజీ సారాంశం ఉంది. "రిజిస్టర్డ్ వాల్యుయర్ గుర్తింపు పొందిన పద్ధతులను అనుసరించి" అని ఒక వాక్యం, కింద 718. అంతే.

డాలస్_బావ
ఇక్కడ అమెరికాలో అయితే 90 దాకా కూడా అక్కర్లేదు. నా దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ షేర్లు ఉండేవి, అది డెలావేర్‌లో రిజిస్టరైనది. టెండర్ ఆఫర్‌లో సగం దాటాయో లేదో, వెంటనే విలీనం చేసేసి మిగతా వాళ్లందరికీ అదే ధర పంపించారు. పొద్దున లేచి చూస్తే ఖాతాలో షేర్లు లేవు, డాలర్లున్నాయి. నచ్చకపోతే కోర్టులో అప్రైజల్, అంటే న్యాయమైన ధర కట్టమని అడగొచ్చు, కానీ నోటీసు వచ్చాక గడువు 20 రోజులు. నేను ఆ కవరు తెరిచేసరికే గడువు దాటింది.

ముక్కుసూటి
బావ గారికి పోయింది కంపెనీ కాదు, కవరు.

లెక్కల_మాస్టారు
ఒక సందేహం. నేను చదివినంతలో 90 శాతం అంటే పెద్ద వాటాదారు దగ్గర ముందే ఉన్నవి తీసేసి, మిగిలిన వాటిలో 90 శాతం మంది ఒప్పుకోవాలి. 93 చూపిస్తే సరిపోదు. మల్లెపందిరి గారూ, ఆఫర్‌కు ముందు వాళ్ల దగ్గర ఎంత ఉండేది?

మల్లెపందిరి
మొత్తం కోటి షేర్లు. పాత ప్రమోటరు దగ్గర కొన్నవి 62 లక్షలు. ఆఫర్, డీలిస్టింగ్ కలిపి ఇప్పుడు 93 లక్షలు.

లెక్కల_మాస్టారు
అయితే బయటివాళ్ల దగ్గర ఉన్నవి 38 లక్షలు. అందులో 90 శాతం అంటే 34 లక్షల 20 వేలు రావాలి. వచ్చినవి 31 లక్షలు, అంటే దాదాపు 81.6 శాతం. వాళ్లకు హక్కే లేదు!

పాత_ఫైళ్లు
మాస్టారు గారి లెక్క సరైనదే, కానీ అది సెక్షన్ 235 లెక్క. రెండూ పక్కపక్కనే ఉండటంతో అందరూ కలిపేస్తారు.

235లో ఒక ఒప్పందం లేదా పథకం కింద ఆఫర్ పెట్టి, తన దగ్గర ముందే ఉన్నవి వదిలేసి మిగిలిన వాటి విలువలో తొమ్మిది పదో వంతుల మంది నాలుగు నెలల్లో ఒప్పుకుంటే, తర్వాతి రెండు నెలల్లో ఒప్పుకోని వాళ్లకు నోటీసు ఇవ్వొచ్చు. ఒప్పుకోనివాడికి నెల గడువుంటుంది, కంపెనీల ట్రిబ్యునల్ అయిన ఎన్‌సీఎల్‌టీకి వెళ్లి ఇది అన్యాయమని చెప్పుకోవచ్చు. అంటే చట్టమే వాడికి గుమ్మం తెరిచి పెట్టింది.

236లో మొత్తం ఈక్విటీలో 90 చాలు, ముందున్న 62 కూడా కలుస్తాయి. పైగా నెలలోపు ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చన్న మాట అందులో ఎక్కడా లేదు. ధర రిజిస్టర్డ్ వాల్యుయర్ చెప్తాడు, డబ్బు బ్యాంకులో పడుతుంది, షేర్లు మారిపోతాయి. ధర న్యాయమా కాదా అని ఎవరూ తమంతట తాము చూడరు. కంపెనీల లాయర్లు ఏ దారి ఎంచుకుంటారో మీరే చెప్పండి.

కందిపొడి
అదే నేనన్నది. రాజ్యాంగ విరుద్ధం.

శేరిలింగంపల్లి
నేను లాయర్ని. 300ఎ వాదన ఇక్కడ నిలబడదు కానీ కందిపొడి గారి కోపంలో పాయింటు ఉంది. 236లో 90 శాతం ఎలా రావాలో చెప్పేటప్పుడు విలీనం, షేర్ల మార్పిడి, సెక్యూరిటీలను షేర్లుగా మార్చడం అని చెప్పి, చివర "మరే ఇతర కారణం చేతనైనా" అని ఒక తోక తగిలించారు. 2019లో ఓబీఓ బెటర్‌మాన్ కేసులో అప్పీలు ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ ఆ తోకను కుదించి చదివింది. ముందు చెప్పిన సంఘటనల కోవలోనిదే ఏదో జరగాలి తప్ప, ఎప్పటినుంచో మెజారిటీ ఉన్నవాడు ఒకరోజు బుద్ధి పుట్టి 236 వాడుకోలేడన్నది దాని సారం.

మరి డబ్బిచ్చి కొన్న ఓపెన్ ఆఫర్ ఆ కోవలోకి వస్తుందా? రాదని ఒక బలమైన వాదన చేయొచ్చు, ఎందుకంటే అది విలీనమూ కాదు, షేర్ల మార్పిడీ కాదు.

పాత_ఫైళ్లు
శేరిలింగంపల్లి గారితో ఇక్కడ నేను ఏకీభవించను. ఆ సెక్షన్‌లో "అక్వైరర్", అంటే కొనుగోలుదారు, అన్న పదానికి అర్థం కోసం సెబీ టేకోవర్ నిబంధనలనే చూడమన్నారు. టేకోవర్ తర్వాత వచ్చే పరిస్థితి కోసమే సెక్షన్ రాసినట్టు దాంతోనే తెలుస్తోంది. బెటర్‌మాన్‌లో ఓపెన్ ఆఫరే లేదు, అది ప్రైవేటు లిమిటెడ్.

శేరిలింగంపల్లి
అర్థం కోసం నిబంధనలు చూడమంటే, ఆ నిబంధనల కింద జరిగిన ప్రతి కొనుగోలూ అర్హమైనదని కాదు కదా. మీరు కంపెనీ వైపు కూర్చుని చదువుతున్నారు.

పాత_ఫైళ్లు
ఇన్నేళ్లు కూర్చున్న కుర్చీ అలవాటు అంత సులభంగా పోదు. సరే, ఇది తేలని ప్రశ్న అనే ఒప్పుకుందాం. 300 షేర్ల కోసం దాన్ని తేల్చే బాధ్యత మల్లెపందిరి గారు నెత్తిన వేసుకోనక్కర్లేదు.

ముక్కుసూటి
నేను ఇంకో వైపు నుంచి మాట్లాడతాను, తిట్టుకోండి. వందల మంది చిన్న వాటాదారులు ఉన్నంతకాలం కంపెనీ వాళ్లందరికీ నోటీసులు పంపాలి, వార్షిక సమావేశం పెట్టాలి, ప్రతి లావాదేవీకీ సమాధానం చెప్పాలి. డబ్బంతా పెట్టి కొన్నవాడు ఎందుకు భరించాలి? పైగా 610 ఇచ్చారు, 845 ఇచ్చారు, ఏడాది పాటు తలుపు తెరిచి ఉంచారు. ఇంకా ఎక్కువ వస్తుందని కూర్చున్నవాళ్లకు చివర్లో బహుమతి ఇస్తే, ఇక ఏ ఆఫర్‌కూ ఎవరూ ముందు ఇవ్వరు.

మల్లెపందిరి
నేను ఎక్కువ వస్తుందని కూర్చోలేదు. అమ్మడం ఇష్టం లేక కూర్చున్నాను. అది నేరమా?

లెక్కల_మాస్టారు
ముక్కుసూటి గారు బహుమతి ఇవ్వొద్దంటున్నారు, బాగుంది. జరిమానా మాత్రం ఎందుకు? 845 కంటే 127 తక్కువ. అలా మిగిలిన 7 లక్షల షేర్లకు లెక్క వేస్తే 8 కోట్ల 89 లక్షలు. అది ఎవరి జేబులో మిగులుతోంది?

పేరులేదు_72
క్యాడ్‌బరీ ఇండియా కథ తెలిసినవాళ్లు ఎవరూ రాయలేదేమిటి? మా బాబాయి గారి దగ్గర ఆ షేర్లు ఉండేవి. 2002లో మాతృసంస్థ 500 రూపాయలకు ఓపెన్ ఆఫర్ పెట్టి 90 శాతం దాటింది, తర్వాతి ఏడాది డీలిస్టు చేసింది. చాలామంది ఇచ్చేశారు. ఇవ్వనివాళ్ల నుంచి మధ్యమధ్య బైబ్యాక్‌లు పెట్టి కొన్నారు. అప్పటికీ మిగిలినవాళ్లను 2009లో మూలధన తగ్గింపు దారిలో, అంటే డబ్బిచ్చి వాళ్ల షేర్లు రద్దు చేసి, బయటికి పంపాలని 1,340 చూపించారు.

కొందరు వాటాదారులు బొంబాయి హైకోర్టులో అడ్డం తిరిగారు. కోర్టు వేరే సంస్థ చేత మళ్లీ విలువ కట్టించింది. చివరికి 2014 మేలో కోర్టు ఆమోదించిన ధర 2,014 రూపాయల 50 పైసలు. 500కి ఇచ్చేసినవాళ్లు ఏమనుకుని ఉంటారో ఊహించుకోండి. మా బాబాయి గారైతే ఆ 50 పైసలు కూడా వదల్లేదు.

కందిపొడి
చూశారా! అడ్డం తిరిగితే వస్తుంది.

పాత_ఫైళ్లు
వస్తుంది, కానీ క్యాడ్‌బరీకీ దీనికీ ఉన్న తేడా గమనించండి. అది మూలధన తగ్గింపు. అందులో ప్రత్యేక తీర్మానం కావాలి, దాన్ని అప్పట్లో హైకోర్టు, ఇప్పుడు ఎన్‌సీఎల్‌టీ ఆమోదించాలి. అంటే కంపెనీయే న్యాయమూర్తి ముందుకు వెళ్లాలి, మీరు అక్కడికి వెళ్లి అభ్యంతరం చెబితే చాలు. 236లో కంపెనీ ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. వ్యాజ్యం వేయవలసింది మీరే, ఖర్చు మీది, న్యాయం జరగలేదని చూపించే భారమూ మీదే.

ఇంకోటి, 2009 నుంచి 2014 దాకా ఐదేళ్లు. ఆ కాలమంతా షేరు వాళ్ల దగ్గరే ఉంది. మీకు అరవై రోజుల్లో షేరు పోతుంది, పోరాటం ఆ తర్వాత కూడా డబ్బు కోసమే.

మిరపతోట
ఈ మూలధన తగ్గింపయినా, 236 అయినా మనకు వచ్చేది డబ్బే కదా, తేడా ఏముంది?

శేరిలింగంపల్లి
పన్నులో చాలా తేడా ఉంది. 236లో మీరు షేర్లు అమ్మినట్టు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం. ఎక్స్చేంజిలో అమ్మిన షేర్లకు ఉండే లక్షా పాతిక వేల మినహాయింపు ఇక్కడ రాదు, ఎందుకంటే డీలిస్టయిన కంపెనీ. మల్లెపందిరి గారివి 2001కి ముందు కొన్నవి కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపించవచ్చు, ఆ రోజు రేటు ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

మూలధన తగ్గింపులో అయితే కంపెనీ దగ్గర పోగుపడిన లాభాల మేరకు మీకు వచ్చిన డబ్బును డివిడెండ్‌గా చూస్తారు, మీ స్లాబు ప్రకారం పన్ను. ముప్పై శాతం స్లాబులో ఉన్నవాళ్లకు చేతికి వచ్చేది బాగా తగ్గిపోతుంది. క్యాడ్‌బరీ ధర చూసి సంబరపడేవాళ్లు ఇది కూడా చూడాలి.

థానే_తెలుగు
ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను. కోటి షేర్లు, 845, 718 చూడగానే అర్థమైంది, నాదీ అదే కంపెనీ. 45 షేర్లు. రిజిస్టర్డ్ ఆఫీసు మా ఊరి నుంచి దూరం కాదు. పూర్తి వాల్యుయేషన్ రిపోర్టు చూపించమని అడిగితే చూపిస్తారా?

పాత_ఫైళ్లు
ముందు రాతపూర్వకంగా అడగండి. రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి, కంపెనీ సెక్రటరీ ఈమెయిల్‌కు ఒకటి. నోటీసు తేదీ, మీ ఫోలియో లేదా డీమ్యాట్ వివరాలు రాసి, ధర నిర్ణయానికి ఆధారమైన రిపోర్టు కావాలని, అది చూసేదాకా ధరను అంగీకరించడం లేదని ఒక వాక్యం. అంత చాలు, రాజ్యాంగం వద్దు.

వెళ్లినప్పుడు మూడు చూడండి. ఏ తేదీ నాటి విలువ కట్టారు, ఏ పద్ధతికి ఎంత ప్రాధాన్యం ఇచ్చారు, చివర్లో ఏదైనా డిస్కౌంటు కోసేశారా.

కందిపొడి
ట్రిబ్యునల్ అంటే హైదరాబాద్ బెంచి ఉంది కదా, అక్కడ వేస్తే పోలా? ముంబై దాకా ఎందుకు?

శేరిలింగంపల్లి
కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఏ బెంచి పరిధిలో ఉంటే అక్కడే. వాటాదారు ఇల్లు ఎక్కడున్నా లెక్కలోకి రాదు. హైదరాబాద్‌లో రిజిస్టరైన కంపెనీ అయితే, ఉదాహరణకు మైలాన్ 2009లో డీలిస్టు చేయించిన మాట్రిక్స్ లాబొరేటరీస్ లాంటిది అయితే, మీరన్నట్టే ఇక్కడ.

థానే_తెలుగు
వెళ్లి చూశాను. రిజిస్టర్డ్ ఆఫీసులో ఒక చిన్న గది, ఎదురుగా ఒకాయన కూర్చున్నాడు, ఫోటో తీయకూడదన్నాడు, రాసుకోవచ్చన్నాడు. మర్యాదగానే ఉన్నాడు, టీ కూడా ఇచ్చాడు.

రాసుకున్నవి ఇవి. విలువ కట్టిన తేదీ మార్చి 31. భవిష్యత్తు నగదు రాబడుల పద్ధతికీ, ఇలాంటి ఇతర కంపెనీల ధరలతో పోల్చే పద్ధతికీ సగం సగం. రెండూ కలిపితే షేరుకు 897 రూపాయల 50 పైసలు. దాని కింద ఒక వరుస: "మార్కెట్‌లో అమ్ముకునే వీలు లేనందుకు తగ్గింపు 20 శాతం". అక్కడి నుంచి 718.

లెక్కల_మాస్టారు
897.50లో 20 శాతం 179.50. తీసేస్తే సరిగ్గా 718. అంటే కంపెనీ విలువ 845 నుంచి తగ్గలేదు, పెరిగింది! తగ్గించింది ఆ ఒక్క వరుస.

ఏడు లక్షల షేర్లకు ఆ వరుస విలువ 12 కోట్ల 56 లక్షల 50 వేలు.

మల్లెపందిరి
అమ్ముకునే వీలు లేదని తగ్గించారా? ఆ వీలు లేకుండా చేసింది వాళ్లే కదా, డీలిస్టు చేసి!

పాత_ఫైళ్లు
మల్లెపందిరి గారూ, మీరు ఇప్పుడన్నది ట్రిబ్యునల్లో మొదటి వాక్యంగా రాయదగినది.

ఈ తగ్గింపు వాల్యుయర్లకు కొత్తది కాదు. ఒక చిన్న వాటాదారు తన ఇష్టంతో బయటివాడికి అమ్మేటప్పుడు కొనేవాడు బేరమాడతాడు, ఎందుకంటే రేపు మళ్లీ అమ్మడం కష్టం. ఆ సందర్భంలో అది సహజం. ఇక్కడ కొనేవాడు 93 శాతం ఉన్నవాడు, రేపు అమ్ముకునే ఆలోచనే వాడికి లేదు, అమ్మేవాడికి ఇష్టమూ లేదు. 2018 నాటి భారతీ టెలికాం మూలధన తగ్గింపులోనూ చిన్న వాటాదారులు గొడవ పెట్టుకున్నది ఈ డిస్కౌంటు మీదే. అది పెట్టడమే తప్పని చెప్పేసే నియమం ఏదీ లేదు, కాబట్టి ఇది వాదించి గెలవవలసిందే తప్ప చూపించి గెలిచేది కాదు.

ఇంకోటి నాకు బలంగా కనిపిస్తోంది. కంపెనీల చట్టం కింద 2016లో చేసిన నిబంధనల్లో 27వ నిబంధన ఉంది. లిస్టు కాని కంపెనీలో వాల్యుయర్ చూడవలసిన వాటిలో మొదటిదే, గడిచిన 12 నెలల్లో కొనుగోలుదారు చెల్లించిన అత్యధిక ధర. ఏడాది తలుపు జనవరిలో మూశారన్నారు కదా. అంతకుముందు నెలల్లో ఎవరో ఒకరు వెళ్లి 845కి ఇచ్చి ఉంటారు. మార్చి నుంచి వెనక్కి లెక్కేసినా, మే నుంచి లెక్కేసినా అది 12 నెలల్లోపే. థానే గారూ, రిపోర్టులో 845 ప్రస్తావన ఉందా?

థానే_తెలుగు
వెతికాను. ఓపెన్ ఆఫర్ 610 ఒకచోట చరిత్రలో ఉంది. 845 ఎక్కడా కనబడలేదు. నేను చదివింది రిపోర్టు మొత్తమే, అనుబంధాలతో సహా.

కందిపొడి
అయితే 845 కంటే తక్కువ ఇవ్వకూడదు. అయిపోయింది, గెలిచాం.

శేరిలింగంపల్లి
అంత తొందర వద్దు. నిబంధన "పరిగణనలోకి తీసుకుని" అంటుంది, అంతకంటే తక్కువ ఉండకూడదని అనదు. కానీ చూడవలసినదాన్ని చూడనేలేదంటే రిపోర్టు లోపభూయిష్ఠమని చెప్పడానికి అది చాలు. మళ్లీ విలువ కట్టించమని అడగడానికి ఇంతకంటే శుభ్రమైన ఆధారం ఉండదు. 20 శాతం తగ్గింపు మీద ఇద్దరు వాల్యుయర్లు వాదించుకోవచ్చు, 845 వదిలేయడం మీద వాదించడానికి ఏమీ లేదు.

ముక్కుసూటి
జరిమానా ఎందుకన్న మాస్టారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పెద్ద వాటాదారుకు అందరినీ పంపే హక్కు ఉండాలన్నది మాత్రం ఇప్పటికీ అంటాను. ఆ హక్కు ఉన్నవాడు పూర్తి ధర ఇవ్వాలి, అంతే. ముక్కు పిండి షేర్లు తీసుకుని మళ్లీ అందులో డిస్కౌంటు ఏమిటి!

మిరపతోట
మరి డబ్బు వస్తే తీసుకోవాలా, వద్దా? తీసుకుంటే ఒప్పుకున్నట్టు కాదా?

శేరిలింగంపల్లి
తీసుకోండి, కానీ ముందే ఉత్తరం పంపండి: "హక్కులు వదులుకోకుండా, ధర మీద అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని. మీరు పూర్తి పరిష్కారంగా అంగీకరిస్తున్నట్టు రాసిన అంగీకార పత్రం ఏదైనా వాళ్లు పంపితే దాని మీద మాత్రం సంతకం చేయకండి. మల్లెపందిరి గారు మొదట సంతకం గురించి అడిగారు, జాగ్రత్తపడవలసిన సంతకం అది.

ట్రిబ్యునల్ దారి కూడా చెప్తాను. 236లో నేరుగా గుమ్మం లేదు కాబట్టి సాధారణంగా అణచివేత ఫిర్యాదుగా వెళ్తారు. దానికి వంద మంది సభ్యులు, లేదా మొత్తం సభ్యుల్లో పదో వంతు, లేదా మూలధనంలో పదో వంతు ఉన్నవాళ్లు కావాలి. మిగిలినవాళ్లందరి దగ్గరా కలిపి ఉన్నది 7 శాతమే, కాబట్టి మూలధనం లెక్కలో ఎప్పటికీ కుదరదు. మనుషుల లెక్కే దారి. తక్కువ మంది ఉంటే ఆ షరతు సడలించమని అడగొచ్చు, ఇస్తారన్న హామీ లేదు. ఇంకో ప్రమాదం, షేర్లు బదిలీ అయిపోయాక మీరు సభ్యులే కాదంటారు. అందుకే అరవై రోజులు గడవకముందే వేయాలి.

పేరులేదు_72
ఒక ముఖ్యమైన విషయం. మిగిలినవాళ్లలో ఎవరో ఒక ఫండ్ లాంటి పెద్ద చేయి ఉంటుంది. వాళ్లు చాటుగా ఎక్కువ ధరకు ఒప్పందం చేసుకుని వెళ్లిపోతే మనం ఏమి కావాలి?

పాత_ఫైళ్లు
236లో దానికో ఉపసెక్షన్ ఉంది. మైనారిటీ వాటాలో 75 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ ధరకు రహస్యంగా అంగీకారానికి వస్తే, ఆ అదనపు సొమ్మును మిగతావాళ్లకు కూడా వాటా ప్రకారం పంచాలి. కానీ ఆ వాక్యం ఎంత మెలికలు తిరిగి ఉందంటే, ఎవరు ఎవరికి పంచాలో నేను పదిసార్లు చదివి పదకొండోసారి సందేహంలో పడ్డాను. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

గోంగూర_పులుసు
మధ్యలో వచ్చాను. మా తాతగారి పేరు మీద ఇదే తరహా కంపెనీ కాగితం షేర్లు ఉన్నాయి, వారసుల పేరు మీదికి మార్చలేదు. ఆయన పోయారు. డివిడెండ్ తీసుకోక ఏళ్లయింది. మాకేమైనా మిగులుతుందా?

పాత_ఫైళ్లు
రెండు సంగతులు. వారసులు రికార్డులోకి ఎక్కకపోతే, అమ్మజూపే హక్కు పెద్ద వాటాదారు కొనుగోలు తేదీ నుంచి మూడేళ్ల దాకా ఉంటుంది, కాబట్టి వారసత్వ ధ్రువపత్రం పని ఈ వారమే మొదలుపెట్టండి. రెండోది, ఏడేళ్లు వరసగా డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు ఈపాటికి ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్లి ఉంటాయి. డీలిస్టింగ్ జరిగితే ఆ సంస్థే మీ తరఫున షేర్లు ఇచ్చేసి, వచ్చిన డబ్బును వేరే పద్దులో ఉంచుతుంది. అప్పుడు మీరు అడగవలసింది షేర్లు కాదు, ఆ డబ్బు. ఫారం IEPF-5.

థానే_తెలుగు
నా పని చెప్తాను. 845 వదిలేశారన్న విషయం మీద ఉత్తరం రాసి కంపెనీకి, వాల్యుయర్‌కి పంపుతున్నాను. సభ్యుల జాబితా చూపించమని కూడా అందులోనే అడుగుతున్నాను. ఎవరికైనా అదే కంపెనీ షేర్లు ఉంటే నాకు వేరుగా సందేశం పెట్టండి, వంద మంది దగ్గరికి ఎంత దూరమో తెలుస్తుంది.

మల్లెపందిరి
నన్ను కలపండి. మా చిన్నాన్న గారి దగ్గర 150 ఉన్నాయి, ఆయన అంగీకార పత్రం సంతకం చేసి పంపేశారేమో అడగాలి.

ముక్కుసూటి
ఇప్పుడే ఫోను చేయండి, మేడమ్. రేపు చేస్తే పోస్టులో వెళ్లిపోయి ఉంటుంది.